అర వోల్టు ఫోను, 250 ఓమ్‌ల హెడ్‌ఫోను

బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో అనే హెడ్‌ఫోన్ స్టూడియోల్లో పాతకాపు. దాని 250 ఓమ్‌ల రకాన్ని కొన్నవాళ్లు చాలామంది మొదటి రోజే నిరాశపడతారు. సాగిన స్ప్రింగులాంటి ఆ బరువైన తీగను ఫోన్‌కి తగిలించి, పాట పెట్టి, వాల్యూమ్ సగానికి తెస్తారు. పాట ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టు ఉంటుంది. ముప్పావుకి తెస్తారు. పక్కింటివాళ్లు తలుపు తీసినట్టు ఉంటుంది. ఫోన్ పెట్టెతో ఊరికే వచ్చిన పాత ఇయర్‌బడ్ మాత్రం అదే ఫోన్‌లో సగం వాల్యూమ్‌కే చెవులు దద్దరిల్లేలా మోగుతుంది. ఇంత డబ్బు పోసింది దీనికా అనిపించడం సహజం.

వస్తువులో లోపమేమీ లేదు. ఎందుకలా జరుగుతుందో పెట్టె మీద ఉన్న రెండు అంకెలే చెబుతాయి, కాకపోతే వాటిని కలిపి చదవాలి. ఒకటి ఇంపీడెన్స్, 250 ఓమ్‌లు. రెండోది సున్నితత్వం, 96 డెసిబెల్స్. ఈ రెండోదానికి ఒక తోక ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు: ఒక మిల్లీవాటు పవర్ ఇస్తే వచ్చే శబ్దం అది. మిల్లీవాటంటే వాటులో వెయ్యో వంతు. అంటే ఈ హెడ్‌ఫోన్‌కి తిండి పెద్దగా అక్కర్లేదు. పిసరంత పెడితే 96 డెసిబెల్స్ మోగుతుంది, అది గట్టి శబ్దమే.

మరి ఆ పిసరంత పెట్టడానికి ఫోన్‌కి ఏం అడ్డం వచ్చింది? ఫోన్ జాక్ మిల్లీవాట్లను కొలిచి పంపదు. అది ఇచ్చేది వోల్టేజీ. ఆ వోల్టేజీ మీద ఎంత పవర్ లాక్కోవాలో అవతల తగిలించిన వస్తువే తేల్చుకుంటుంది. లెక్క చిన్నది:

```
P = V² / R
```

250 ఓమ్‌ల దగ్గర ఒక మిల్లీవాటు రావాలంటే అర వోల్టు కావాలి. మామూలు 16 ఓమ్‌ల ఇయర్‌బడ్‌కి అదే మిల్లీవాటు రావడానికి 0.13 వోల్టు చాలు. పైగా చెవి రంధ్రంలోనే దూరి కూర్చుంటుంది కాబట్టి ఇయర్‌బడ్ ఆ మిల్లీవాటుతో 105 డెసిబెల్స్ దాకా మోగగలదు. రెండింటికీ ఒకే అర వోల్టు ఇచ్చి చూడండి. డీటీ 990 దగ్గర 96 డెసిబెల్స్, ఇయర్‌బడ్ దగ్గర 117. తేడా 21. డెసిబెల్స్‌లో పది పెరిగితే మన చెవికి శబ్దం సుమారు రెట్టింపైనట్టు తోస్తుంది. ఆ లెక్కన వాల్యూమ్ గీత కదల్చకుండా ఇయర్‌బడ్ పీకి పెద్ద హెడ్‌ఫోన్ తగిలిస్తే శబ్దం పావు వంతుకు పడిపోయినట్టు ఉంటుంది. నిరాశకు మూలం ఇదే.

ఇక్కడ ఒక మాట తరచుగా వినిపిస్తుంది: ఇంపీడెన్స్ అంటే అడ్డు, అడ్డు ఎక్కువైతే శబ్దం తగ్గుతుంది, అంతే. అబద్ధం కాదు గానీ సగమే నిజం. మిగతా సగం హెడ్‌ఫోన్ లోపల, డయాఫ్రమ్ వెనక అతికించిన తీగచుట్టలో ఉంది. అయస్కాంతం మధ్య ఉన్న ఆ చుట్టలోంచి కరెంటు పోతే అది ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఎంత బలంగా కదులుతుందన్నది రెండు విషయాల గుణకారం: ఎన్ని చుట్లున్నాయి, ఎంత కరెంటు పోతోంది. ఇప్పుడు అంతే జాగాలో, అంతే బరువు రాగితో, అడ్డుకోత వైశాల్యం సగమున్న తీగ వాడి రెట్టింపు చుట్లు చుట్టామనుకోండి. తీగ పొడవు రెట్టింపు, అడ్డుకోత వైశాల్యం సగం. కాబట్టి ఓమ్‌లు నాలుగింతలు. చుట్లు రెట్టింపయ్యాయి గనక అదే బలానికి సగం కరెంటు చాలు. కానీ నాలుగింతల ఓమ్‌లలోంచి సగం కరెంటు నెట్టాలంటే వోల్టేజీ రెట్టింపు కావాలి. ఖర్చయిన పవర్ మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే. ఇసుకను పెద్ద గంపతో తక్కువసార్లు మోసినా, చిన్న గంపతో ఎక్కువసార్లు మోసినా కుప్ప ఒకటే అయినట్టు.

కాబట్టి 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ 'ఎక్కువ కరెంటు తాగే' వస్తువు కాదు. నిజానికి అది తక్కువ కరెంటు తాగుతుంది, అర వోల్టు దగ్గర రెండు మిల్లీఆంపియర్లే. అది అడిగేది ఎక్కువ వోల్టేజీ. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే ఆ తర్వాత యాంప్ కొట్టులో వినిపించే మాటల్లో సగం వాటంతటవే రాలిపోతాయి.

ఇంత వోల్టేజీ అడిగేదాన్ని ఎవరైనా ఎందుకు తయారుచేశారంటే, తయారుచేసింది ఫోన్ల కోసం కాదు. స్టూడియోల్లో, రేడియో కేంద్రాల్లో గోడ ప్లగ్గుకు తగిలించిన యంత్రాలకు వోల్టేజీ కొదవ ఉండేది కాదు. ఒకే అవుట్‌పుట్‌కి నలుగురైదుగురు హెడ్‌ఫోన్లు తగిలించుకోవడం మామూలు. ఒక్కోటి 250, 600 ఓమ్‌లుంటే అన్నీ కలిసినా ఆ యంత్రం మీద పెద్ద భారం పడదు. పైగా అప్పటి హెడ్‌ఫోన్ జాక్‌లకే లోపల వంద ఓమ్‌లకు పైగా అడ్డు పెట్టేవారు. దాని ముందు 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే బాస్ అదుపు తప్పేది, 250 పెడితే కాస్త నిలకడగా ఉండేది. సన్నటి తీగతో చుట్టిన కాయిల్ బరువు తక్కువ, కదలిక చురుకు అనేది కూడా ఒక కారణంగా చెబుతారు. అది నిజమే అయినా, కళ్లు మూసుకుని విని 32కీ 250కీ తేడా కనిపెట్టగలనన్నవాళ్ల చేతికి నేను డబ్బు ఇవ్వను.

ఫోన్ వైపు చూద్దాం. బ్యాటరీ నాలుగు వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది గానీ, లోపల శబ్దం తయారుచేసే చిప్పు సాధారణంగా 1.8 వోల్టుల మీద పనిచేస్తుంది. పైకి అంత, కిందికి అంత ఊగే తరంగంలో శిఖరం 1.4 వోల్టులైతే మనం లెక్కించే వోల్టేజీ ఒకటి అవుతుంది. అందుకే మంచి ఫోన్లూ, మంచి డాంగిళ్లూ ఒక వోల్టు దగ్గర ఆగిపోతాయి. చాలా ఫోన్లు అర వోల్టుతోనే సరిపెట్టుకుంటాయి. చెవుల భద్రత కోసం పెట్టిన నియమాలు కూడా ఈ తగ్గుదలలో ఒక భాగం. యాపిల్ అమ్మే చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్ అమెరికా రకం ఒక వోల్టు ఇస్తే, యూరప్ రకం అర వోల్టే ఇస్తుంది. బయటికి చూస్తే రెండూ ఒకటే తెల్ల ముక్క. అమెరికా రకాన్నే తెచ్చి ఆండ్రాయిడ్ ఫోన్‌కి తగిలించినా, డాంగిల్ లోపలి వాల్యూమ్‌ని ఫోన్ పూర్తిగా పైకి తీయకపోవడం వల్ల చాలా ఫోన్లలో సగం వోల్టేజీయే వస్తుంది.

అర వోల్టుకి 96 డెసిబెల్స్ అన్నాం కదా, అది గట్టి శబ్దమేనన్నాం కూడా. మరి కొరత ఎక్కడ? ఆ 96 అనేది ఫైల్‌లో ఇముడ్చుకోగల అత్యంత గట్టి శబ్దానికి. పాట ఎప్పుడూ ఆ ఎత్తున ఉండదు. ఇప్పటి సినిమా పాటల్ని బాగా నొక్కి, సగటు మట్టాన్ని శిఖరానికి ఓ పది డెసిబెల్స్ కిందే ఉంచుతారు. అలాంటి పాట డీటీ 990లో ఫుల్ వాల్యూమ్‌కి సగటున 86 డెసిబెల్స్ మోగుతుంది. ఎవరికీ ఫిర్యాదు ఉండదు. అదే ఒక కర్ణాటక కచేరీ రికార్డింగ్ తీసుకోండి. తనియావర్తనంలో మృదంగం దెబ్బలకు చోటు ఉంచాలి కాబట్టి, నొక్కకుండా వదిలేసిన రికార్డింగ్‌లో ఆలాపన సగటు శిఖరానికి 24 డెసిబెల్స్ కింద ఉండొచ్చు. అప్పుడు వినిపించేది 72. నిశ్శబ్దమైన గదిలో సరిపోతుంది. నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటే రాగం చివర సన్నబడే స్వరాలు ఫ్యాన్ పాలవుతాయి. డీటీ 990 వెనక తెరిచి ఉండే హెడ్‌ఫోన్ కావడంతో బయటి చప్పుడు ఏ అడ్డూ లేకుండా లోపలికి వస్తుంది. దాన్ని బస్సులో పెట్టుకునేవాళ్ల సమస్య వేరు, అది యాంప్‌తో తీరేది కాదు.

అందుచేత యాంప్ కావాలా వద్దా అన్నది హెడ్‌ఫోన్‌ని చూసి మాత్రమే తేల్చే విషయం కాదు, వినేది ఏమిటో కూడా చూడాలి. కొనే ముందు రెండు పనులు చేయొచ్చు, రెండింటికీ ఖర్చు లేదు. వినే యాప్‌లో పాటలన్నింటినీ ఒకే మట్టానికి తెచ్చే సదుపాయం ఉంటే ఆపి చూడండి. స్పాటిఫైలో అది గట్టి పాటల్ని మామూలుగా శిఖరానికి 14 డెసిబెల్స్ కిందికి దించుతుంది, ఆపితే కొన్ని పాటలకు నాలుగైదు డెసిబెల్స్ తిరిగొస్తాయి. రెండోది ఈక్వలైజర్. బాస్‌ని ఆరు డెసిబెల్స్ పెంచుకున్నవాళ్లు, శబ్దం పగలకుండా ఉండటానికి మొత్తాన్ని ఆరు డెసిబెల్స్ దించి ఉంటారు, లేదా యాప్ వాళ్లకు చెప్పకుండానే దించి ఉంటుంది. ఆరు డెసిబెల్స్ అంటే వోల్టేజీలో సగం. ఫోన్ ఇచ్చేదే అర వోల్టైతే, మిగిలింది పావు.

ఫోన్ నిజంగా ఎంత ఇస్తోందో కొలవాలనుకుంటే మల్టీమీటర్ చాలు. 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర, పూర్తి మట్టంలో ఉన్న ఒక సైన్ స్వరాన్ని ఫుల్ వాల్యూమ్‌లో పెట్టి, జాక్‌లో తెగిన తీగ ఒకటి గుచ్చి, ఏసీ వోల్టులు చూడాలి. అంత తక్కువ స్వరం ఎందుకంటే సాధారణ మీటర్లు కరెంటు సరఫరా స్వరానికి దగ్గర్లోనే సరిగ్గా చదువుతాయి. వెయ్యి హెర్ట్జ్ పెడితే ఏదో ఒక అంకె చూపిస్తాయి, చాలా నమ్మకంగా. ఇంకో చిక్కు, బజారులో అందరి దగ్గరా ఉండే చౌక పసుపు మీటర్‌లో ఏసీకి అన్నిటికంటే చిన్న రేంజ్ 200 వోల్టులు. దాంతో అర వోల్టు కొలవడం లారీ కాటా మీద జీలకర్ర తూచడమే. రెండు వోల్టుల ఏసీ రేంజ్ ఉన్న మీటర్ అరువు తెచ్చుకోవడం మేలు. కొలిచేటప్పుడు హెడ్‌ఫోన్ చెవులకు ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

కొలిస్తే అర వోల్టే వచ్చింది, వినేది కచేరీలే అనుకుందాం. ఇప్పుడు చిన్న యాంప్ సంగతి. ఇందులో అందరికీ అర్థమయ్యే నమూనా సీమాయ్. చూ మాయ్ అనే అమెరికన్ అభిరుచికారుడు దీని పటాన్ని హెడ్‌వైజ్ అనే సైట్‌లో పెట్టాడు. పిప్పరమెంటు బిళ్లల రేకుడబ్బాలో ఇమిడిపోతుంది కాబట్టి లోకమంతా దాన్ని రేకుడబ్బాల్లోనే కట్టుకుంది. లోపల ఉన్నది ఒక 9 వోల్టుల బ్యాటరీ, రెండు చానళ్లున్న ఒక ఆప్-యాంప్ చిప్పు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ముందొక వాల్యూమ్ నాబ్. రెండు సమాన రెసిస్టర్లు 9 వోల్టుల్ని మధ్యకు చీల్చి, నడుమ ఒక కృత్రిమ భూమిని తయారుచేస్తాయి. అక్కడి నుంచి పైకి 4.5, కిందికి 4.5. చిప్పు ఆ అంచుల దాకా పోలేదు, రెండు వైపులా వోల్టున్నర దాకా వదిలేస్తుంది. మిగిలింది మూడు వోల్టుల శిఖరం, మన లెక్కలో 2.1 వోల్టులు.

ఫోన్ ఇచ్చిన అర వోల్టు ఇక్కడ రెండు వోల్టులైతే, నాలుగింతలు, అంటే 12 డెసిబెల్స్ పెరిగినట్టు. కచేరీ ఆలాపన 72 నుంచి 84కి వచ్చింది. శిఖరాలకు 108 దాకా జాగా దొరికింది. ఫ్యాన్ ఓడిపోయింది. ఖర్చయిన పవర్ 16 మిల్లీవాట్లు. డబ్బా మీద వెయ్యి మిల్లీవాట్లని ముద్రించి అమ్మేవాళ్లు ఆ వెయ్యి ఎన్ని ఓమ్‌ల దగ్గరో చెప్పేదాకా ఆ అంకెను చిత్రలేఖనంగా భావించవచ్చు.

ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడే చోటొకటుంది. యాంప్‌కి రెండు వేర్వేరు గుణాలున్నాయి: ఎన్నింతలు చేస్తుంది, ఎంతవరకు చేరగలదు. మొదటిదాన్ని గెయిన్ అంటారు, దాన్ని రెండు రెసిస్టర్ల నిష్పత్తి నిర్ణయిస్తుంది. రెండోదాన్ని బ్యాటరీ నిర్ణయిస్తుంది. మూల సీమాయ్‌లో గెయిన్ 11. మన ఫోన్ అర వోల్టుని 11తో గుణిస్తే ఐదున్నర. చిప్పు చేరగలిగింది 2.1. మిగతాది ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు, తరంగం తల నరికినట్టు చదునైపోతుంది, మృదంగం దెబ్బ 'టక్' అని పగులుతుంది. నాబ్ మూడో వంతు తిప్పేసరికే ఇలా జరుగుతుంటే యాంప్‌లో బలం ఎక్కువైందని సంతోషించేవాళ్లున్నారు. ఎక్కువైంది గెయిన్, బలం కాదు. పైగా గెయిన్ అంతుంటే నాబ్‌ని ఎప్పుడూ మొదట్లోనే ఉంచుకోవాలి, చౌక నాబుల్లో సరిగ్గా అక్కడే కుడి ఎడమలు సమానంగా ఉండవు. గాయకుడు ఒక చెవి వైపు జరిగి కూర్చుంటాడు. మన లెక్కకు గెయిన్ నాలుగు చాలు. కొనే యాంప్‌లో తక్కువ, ఎక్కువ గెయిన్ స్విచ్ ఉంటే ముందు తక్కువలో పెట్టి చూసి, నాబ్ చివరిదాకా తిప్పినా చాలకపోతేనే మార్చాలి.

వాల్యూమ్‌లు రెండయ్యాయి కాబట్టి ఏది ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న వస్తుంది. ఫోన్‌ది పైన, యాంప్‌ది కింద. ఫోన్‌ని తక్కువలో ఉంచి యాంప్‌ని పెంచితే, ఫోన్ నుంచి వచ్చే సన్నటి 'స్‌స్' కూడా పాటతో పాటు నాలుగింతలవుతుంది. బ్యాటరీ అయిపోతున్న సంగతి కూడా వినే తెలుసుకోవచ్చు. 9 వోల్టులు 7కి దిగితే పైకప్పు మూడు నుంచి రెండు వోల్టులకు దిగుతుంది. మెల్లటి చోట్ల ఏమీ తెలియదు, గట్టి చోట్లే పగులు మొదలవుతుంది. ఇయర్‌బడ్ అలవాటుగా అదే యాంప్‌కి తగిలించే ముందు మాత్రం నాబ్ పూర్తిగా కిందికి దించాలి. 250 ఓమ్‌ల దగ్గర హాయిగా ఉన్న వాల్యూమ్ ఇయర్‌బడ్‌లో 21 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుందని పైన చూశాం. 84 కాస్తా 105 అవుతుంది, అంత శబ్దాన్ని చెవులు కొద్ది నిమిషాలకు మించి భరించకూడదు.

యాంప్ చేయనిదేమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పరు. ఫోన్‌తోనే సరిపడా శబ్దం వస్తున్నప్పుడు యాంప్ పెడితే స్వరాల్లో కొత్త వివరాలేమీ పుట్టుకురావు. పుట్టినట్టు అనిపిస్తే, అది రెండు డెసిబెల్స్ గట్టిగా వినడం వల్ల. గట్టిగా ఉన్నదాన్ని మెరుగైందిగా భావించడం మన చెవులకు పుట్టుకతో వచ్చిన బలహీనత, వ్యాపారం దానికి ఎప్పుడూ రుణపడే ఉంటుంది.

ఓమ్‌లు తక్కువైతే ఫోన్‌తో గట్టిగా మోగుతుందనుకోవడం కూడా పొరపాటే. హైఫైమాన్ హెచ్‌ఈ-6 అనే పాత ప్లానార్ హెడ్‌ఫోన్‌కి 50 ఓమ్‌లే, డీటీ 990లో అయిదో వంతు. కానీ దాని సున్నితత్వం మిల్లీవాటుకి 83.5. అర వోల్టిస్తే 90 దగ్గరే ఆగిపోతుంది, డీటీ 990 కంటే కింద. దాన్ని 108కి తేవాలంటే దాదాపు మూడు వందల మిల్లీవాట్లు, వోల్టులు నాలుగుకి దగ్గర, శిఖరాల్లో వంద మిల్లీఆంపియర్ల పైన కావాలి. రేకుడబ్బా యాంప్‌కి అంత వోల్టూ లేదు, అంత కరెంటూ లేదు. ఇంపీడెన్స్ ఒక్కదాన్నే చూసి 'తేలిక', 'కష్టం' అని తీర్పులిచ్చే పట్టికలు ఇక్కడ తల్లకిందులవుతాయి.

ఈ తలనొప్పిని పరికరంలోనే పరిష్కరించాలని చూసినవాళ్లున్నారు. ఎల్‌జీ వీ30 లాంటి ఫోన్లు హెడ్‌ఫోన్ తగిలించగానే దాని ఇంపీడెన్స్‌ని కొలిచి, ఎక్కువైతే రెండు వోల్టుల దాకా ఇచ్చేవి. 2021లో ఎల్‌జీ ఫోన్ల వ్యాపారమే మానుకుంది. ఈ రెండింటికీ సంబంధం లేదనే అనుకుందాం. అదే ఏడాది వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోల్లో యాపిల్ ఇలాంటి పనే చేసింది: 150 ఓమ్‌ల లోపైతే 1.25 వోల్టులు, ఆపైన మూడు. డీటీ 990కి మూడు వోల్టులంటే దాదాపు 112 డెసిబెల్స్. ఆ ల్యాప్‌టాప్ ఇంట్లో ఉన్నవాళ్లు యాంప్ కోసం వెతకాల్సిన పనే లేదు.

బేయర్‌డైనమిక్ కూడా 2021లోనే రెండోవైపు నుంచి నరుక్కొచ్చింది. డీటీ 900 ప్రో ఎక్స్ పేరుతో తెచ్చిన వెనక తెరిచిన స్టూడియో హెడ్‌ఫోన్‌కి 48 ఓమ్‌లు, మిల్లీవాటుకి 100 డెసిబెల్స్. ఫోన్ ఇచ్చే అర వోల్టుకే అది 107 చేరుతుంది. 9 వోల్టుల బ్యాటరీ, ఆప్-యాంప్, రేకుడబ్బా అన్నీ కలిసి డీటీ 990ని చేర్చిన ఎత్తుకు ఒక్క డెసిబెల్ తక్కువ.